రొయ్యల మేత స్టాకు షీట్‌లో నిల్వ కాలమ్: వరస తీసేసినా, సార్ట్ చేసినా చెదరని ఫార్ములా ఏది?

విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల మేత అమ్మే కొట్లో గుమస్తా పని చేసేవాళ్లకి స్టాకు షీట్ కొత్తేమీ కాదు. లోడు దిగితే ఒక వరస, రైతు బస్తాలు తీసుకెళ్తే ఒక వరస, చివరి కాలమ్‌లో నిల్వ. పైన ఉన్న నిల్వకి వచ్చినవి కలిపి, ఇచ్చినవి తీసేస్తే ఈ వరస నిల్వ వస్తుంది. పుస్తకంలో ఎలా రాసేవాళ్లమో ఎక్సెల్‌లోనూ అదే ఫార్ములా పెట్టేస్తాం. పుస్తకంలో పేజీ మధ్యలోంచి వరసని పీకేయలేం కాబట్టి అక్కడ అది నిలబడింది. షీట్‌లో మాత్రం బిల్లు రద్దయిందని వరస తీసేస్తాం, ఎవరు ఎక్కువ తీసుకున్నారో చూద్దామని సార్ట్ చేస్తాం, మర్చిపోయిన ఎంట్రీని మధ్యలో దూరుస్తాం. ఈ మూడు పనులకీ ఆ ఫార్ములా మూడు రకాలుగా దెబ్బతింటుంది.

దీనికి బదులు పెట్టుకోదగ్గ ఫార్ములాలు నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో పనికి తట్టుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కో లోపం ఉంది. ఏది పెట్టుకోవాలో తేలాలంటే ముందు ఒక చిన్న షీట్ తీసుకుని దాన్నే అన్నిరకాలుగా కదిపి చూడాలి.

ఇదిగో షీట్. అంకెలన్నీ 25 కిలోల బస్తాలు. ఫార్ములా రాసేటప్పుడు కీబోర్డు మార్చుకోకుండా హెడింగులు ఇంగ్లీషులో ఉంచాను.

| No | Date | Details | In | Out | Balance |
|---|---|---|---|---|---|
| 1 | 1 జూన్ | ముందు నిల్వ | 40 | | 40 |
| 2 | 2 జూన్ | ఊటుకూరు | | 15 | 25 |
| 3 | 3 జూన్ | ముదివర్తి | | 20 | 5 |
| 4 | 3 జూన్ | లోడు | 100 | | 105 |
| 5 | 4 జూన్ | రామతీర్థం | | 30 | 75 |
| 6 | 5 జూన్ | ఊటుకూరు | | 25 | 50 |

హెడింగులు 1వ వరసలో ఉన్నాయి. No కాలమ్ A, నిల్వ కాలమ్ F. మొదటి ఎంట్రీ 2వ వరసలో మొదలై చివరిది 7వ వరసలో ఉంది. జూన్ 5 సాయంత్రానికి గోడౌన్‌లో 50 బస్తాలు ఉండాలి.

మామూలు ఫార్ములా ఎక్కడ విరుగుతుంది

మనందరం పెట్టేది ఇది. మొదటిది F2లో, రెండోది F3లో పెట్టి కిందికి లాగుతాం.

```
=D2-E2
=F2+D3-E3
```

ముదివర్తి బిల్లు రద్దయిందనుకోండి. 4వ వరసని పూర్తిగా తీసేశారు. దాని కింద ఉన్న లోడు వరస పైకి జరిగి 4వ వరస అవుతుంది. కానీ దాని ఫార్ములా చూపిస్తున్న సెల్ ఇప్పుడు లేదు. అందుకని అక్కడ ఫార్ములా `=#REF!+D4-E4` అయిపోతుంది. కింద ఉన్నవన్నీ దాని మీద ఆధారపడినవే కాబట్టి అక్కడినుంచి చివరిదాకా `#REF!` పడుతుంది. చూడటానికి కంగారుగా ఉంటుంది గానీ మూడింట్లో ఇదే నయం. తప్పు జరిగిందని షీటే అరిచి చెప్తోంది. పైనుంచి మొదటి `#REF!` ఉన్న సెల్ వెతికి, దానిపై సెల్ ఫార్ములాని కాపీ చేసి అందులో పేస్ట్ చేస్తే చాలు, కిందవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. మన షీట్‌లో F3ని F4లోకి కాపీ చేస్తే లోడు దగ్గర 125, తర్వాత 95, చివర 70 వస్తాయి. 20 బస్తాలు కొట్లోనే ఉండిపోయాయి కాబట్టి 70 సరైనదే.

మధ్యలో వరస దూర్చడం ఇంతకంటే ప్రమాదం. జూన్ 3న ఊటుకూరుకి ఇంకో 5 బస్తాలు ఇచ్చినట్టు తర్వాత గుర్తొచ్చింది. మొదటి షీట్‌లో లోడుకి ముందు కొత్త వరస పెట్టి, 5 వేసి, పై ఫార్ములా కిందికి లాగారు. ఆ వరసలో నిల్వ 0 అని సరిగ్గానే వస్తుంది. లోడు వరస ఇప్పుడు 6వ వరసకి జరిగింది. దాని ఫార్ములా మాత్రం ఇంకా `=F4+D6-E6` అనే ఉంది. అంటే కొత్త వరసని దాటేసి పైనున్న ముదివర్తి నిల్వనే తీసుకుంటోంది. లోడు దగ్గర 100 రావాల్సింది 105 చూపిస్తుంది. చివర 45 రావాల్సింది 50 చూపిస్తుంది. `#REF!` లేదు, ఎర్రగీత లేదు. సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తే రావచ్చు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఐదు బస్తాల లెక్క షీట్‌లో కనబడుతూనే నిల్వలోంచి మాయమైపోతుంది. నెలాఖరున గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టినప్పుడు తగ్గిన ఆ ఐదుకీ కుర్రాళ్లని అనుమానించాల్సి వస్తుంది.

ఇక సార్ట్. Out కాలమ్‌ని పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేశారు. ఖాళీ సెల్స్ ఉన్న వరసలు ఎటు సార్ట్ చేసినా కిందికే పోతాయి. కాబట్టి రామతీర్థం 30, ఊటుకూరు 25, ముదివర్తి 20, ఊటుకూరు 15, తర్వాత ముందు నిల్వ, లోడు అనే క్రమం వస్తుంది. సార్ట్ చేసేటప్పుడు ఎక్సెల్ ఫార్ములాలని కాపీ చేసినట్టే జరుపుతుంది. "నా పైసెల్" అని చూపించే ఫార్ములా ఎక్కడికి పోతే అక్కడి పైసెల్‌నే చూపిస్తుంది. రామతీర్థం వరస పైకెక్కి 2వ వరస అయింది కాబట్టి దాని పైసెల్ ఇప్పుడు Balance అనే హెడింగు. అక్షరాలకి అంకె కలపమంటే `#VALUE!` వస్తుంది. దాని కింద మూడు వరసల్లోనూ అదే. ముందు నిల్వ వరసలో మాత్రం `=D6-E6` అనే ప్రత్యేకమైన ఫార్ములా ఉంది, దానికి పైసెల్‌తో పనిలేదు. అక్కడ లెక్క మళ్లీ 40తో మొదలై, లోడు దగ్గర 140 అని ముగుస్తుంది.

"ఏమ్మా, కింద నూట నలభై అని ఉంది, గోడౌన్‌లో చూస్తే యాభయ్యేగా?" అని యజమాని అడిగితే, "సార్ట్ చేశానన్నా, అప్పట్నుంచి ఇలాగే చూపిస్తోంది" అనడం తప్ప ఆ అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. ఇక్కడ ఊరట ఏమిటంటే, No కాలమ్ మీద మళ్లీ సార్ట్ చేస్తే అన్నీ మామూలుగా అయిపోతాయి. ఆ కాలమ్ లేకపోతే, ఒకే తేదీన ఉన్న ఎంట్రీల అసలు క్రమం మళ్లీ దొరకదు.

పైనుంచి కూడుకుంటూ వచ్చే ఫార్ములా

చాలామంది చెప్పే మొదటి మందు ఇది. పై నిల్వ మీద ఆధారపడకుండా ప్రతి వరసా మొదటినుంచీ తానే కూడుకుంటుంది.

```
=SUM(D$1:D2)-SUM(E$1:E2)
```

మొదలు `D$2` అని కాకుండా `D$1` అని హెడింగునే పట్టుకోవడం కావాలని చేసిందే. SUM అక్షరాలని వదిలేస్తుంది కాబట్టి హెడింగు వల్ల నష్టం లేదు. `D$2` అని పెడితే, మొదటి ఎంట్రీకి పైన ఎవరైనా కొత్త వరస చేర్చినప్పుడు అది `D$3` అయిపోయి కొత్త వరస లెక్కలోకి రాదు. ఇంకో మంచి ఏమిటంటే మొదటి వరసకి వేరే ఫార్ములా అక్కర్లేదు, అన్ని వరసల్లోనూ ఒకటే.

వరస తీసేస్తే ఇది చెక్కుచెదరదు. మధ్యలో దూరిస్తే కింద వరసలన్నీ కొత్త అంకెని కలుపుకుంటాయి, కొత్త వరసలో మనం ఫార్ములా లాగడం మర్చిపోయినా సరే. మామూలు ఫార్ములా మింగేసిన ఆ ఐదు బస్తాలు ఇక్కడ దొరికిపోతాయి. ఇది చిన్న లాభం కాదు.

సార్ట్ చేస్తే? ఎర్రర్ ఏమీ రాదు. రామతీర్థం దగ్గర -30, ఆ తర్వాత -55, -75, -90, ముందు నిల్వ దగ్గర -50, చివర లోడు దగ్గర 50. చివరి అంకె సరైనదే. మధ్యలో ఉన్నవి మాత్రం ఏ రోజు నిల్వా కావు. గోడౌన్‌లో మైనస్ తొంభై బస్తాలు ఎప్పుడూ లేవు. ఫార్ములా తన పని తాను సరిగ్గా చేసింది, కనబడే క్రమంలో పైనుంచి కిందికి కూడింది. మనం దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరే.

ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి, ఎంపిక అంతా దీనిమీదే తేలుతుంది. నిల్వ అంటే "ఈ వరసకి పైన కనబడేవాటి మొత్తం" అనా, లేక "ఈ ఎంట్రీ జరిగిన సమయానికి ఉన్నది" అనా? తేదీ క్రమంలో ఉన్నంతసేపూ రెండూ ఒకటే, అందుకే తేడా తెలియదు. సార్ట్ చేసిన క్షణాన విడిపోతాయి. స్టాకు, బాకీ, బ్యాంకు నిల్వ లాంటివన్నీ రెండో రకం. జూన్ 3న ముదివర్తికి ఇచ్చాక 5 బస్తాలు మిగిలాయన్నది జరిగిన సంగతి, ఆ వరసని షీట్‌లో ఎక్కడికి జరిపినా అది మారకూడదు. మొదటి రకం కావాల్సిన సందర్భాలు వేరే ఉంటాయి. ఎక్కువ కొన్న రైతుల్ని పైనుంచి పేర్చి, మొదటి పదిమందే మొత్తం అమ్మకంలో ఎంత అని చూసేటప్పుడు కనబడే క్రమంలోనే కూడాలి. అక్కడ SUM ఫార్ములానే సరైనది.

ఇదే రకానికి చెందినవి ఇంకో మూడున్నాయి, క్లుప్తంగా చెప్తాను. షీట్‌ని Ctrl+T నొక్కి టేబుల్‌గా మార్చుకున్నవాళ్లు పై SUM ఫార్ములాని అలాగే ఉంచితే ఒక ఇబ్బంది ఉంది. కింద కొత్త ఎంట్రీ చేర్చినప్పుడు, అంతకుముందు చివర ఉన్న వరస ఫార్ములా కూడా ఒక సెల్ సాగి కొత్త అంకెని కలుపుకుంటుంటుంది. టేబుల్‌లో ఇలా రాయాలి:

```
=SUM(INDEX([In],1):[@In])-SUM(INDEX([Out],1):[@Out])
```

`INDEX([In],1)` అంటే ఆ కాలమ్‌లో ఇప్పుడు మొదట ఉన్న సెల్, `[@In]` అంటే ఈ వరసలోది. సెల్ అడ్రసులే లేవు కాబట్టి సాగిపోయే సమస్య ఉండదు.

రెండోది OFFSET. `=SUM(OFFSET(E2,-1,1),D2)-E2` అని పెడితే, "E2 నుంచి ఒకటి పైకి, ఒకటి కుడికి" అని ఎప్పటికప్పుడు లెక్కేసుకుని పై నిల్వని తెచ్చుకుంటుంది. తీసేసిన సెల్‌ని పట్టుకుని వేలాడదు కాబట్టి `#REF!` రాదు, దూర్చిన వరసని దాటేయదు. ఒక్క షరతు, దూర్చిన వరసలో ఫార్ములా లాగడం మాత్రం మర్చిపోకూడదు. అక్కడ నిల్వ ఖాళీగా ఉంటే దాని కింద లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. వరసలు పదివేలు దాటిన షీట్‌లో దీనికి చోటుంది. పైనుంచి కూడే SUM పదివేల వరసలకి ఒక్కో కాలమ్‌లో దాదాపు 5 కోట్ల సెల్స్ చదవాలి, OFFSET ఒక్కో వరసకి రెండు మూడు సెల్స్ చూస్తే చాలు. కాకపోతే షీట్‌లో ఎక్కడ ఏం మార్చినా OFFSET ఉన్న సెల్స్ అన్నీ మళ్లీ లెక్కేసుకుంటాయి.

మూడోది SCAN. మైక్రోసాఫ్ట్ 365లోనూ గూగుల్ షీట్స్‌లోనూ ఉంది. ఒకే సెల్‌లో రాస్తే కాలమ్ మొత్తం నిండుతుంది. ఎక్సెల్‌లో అలా కిందికి పరుచుకునే ఫార్ములాలు టేబుల్ లోపల పనిచేయవు, `#SPILL!` వస్తుంది. కొట్లో ఒక కంప్యూటర్‌లో పాత ఎక్సెల్ ఉంటే అక్కడ అసలు తెలియదు. రోజూ నలుగురి చేతుల్లో తిరిగే స్టాకు షీట్‌కి నేను దీన్ని చెప్పను.

ఎంట్రీ నంబరుని పట్టుకునే ఫార్ములా

నేను పెట్టుకోమనేది ఇది. పైన ఏముందో చూడదు. తన నంబరు, తనకంటే చిన్న నంబర్లు ఉన్న ఎంట్రీలు షీట్‌లో ఎక్కడున్నా ఏరి కూడుతుంది.

```
=SUMIFS(D:D,A:A,"<="&A2)-SUMIFS(E:E,A:A,"<="&A2)
```

మన షీట్‌లో పెట్టి Out మీద సార్ట్ చేయండి. రామతీర్థం పైకెక్కినా దాని పక్కన 75 అనే ఉంటుంది. కింద ఊటుకూరు 50, ముదివర్తి 5, ఊటుకూరు 25, ముందు నిల్వ 40, లోడు 105. పైనుంచి చదివితే ఎగుడుదిగుడుగా ఉంటుంది, కానీ ఒక్కో అంకె ఆ ఎంట్రీ నాటి నిజమైన నిల్వ. ఊటుకూరు ఒక్కటే ఫిల్టర్ చేసి చూసినా 25, 50 అనే కనబడతాయి. ముదివర్తి వరస తీసేస్తే లోడు దగ్గర 125 అవుతుంది, నంబర్లలో 3 లేకపోవడం లెక్కకి అడ్డు కాదు. మర్చిపోయిన ఐదు బస్తాల ఎంట్రీని మధ్యలో దూర్చక్కర్లేదు కూడా, అన్నిటికంటే కింద రాసి No దగ్గర 3.5 అని వేస్తే చాలు. ముదివర్తికీ లోడుకీ మధ్య జరిగినట్టే లెక్కలోకి వస్తుంది. చివరి నిల్వ 45.

నంబరు ఎందుకు, తేదీనే పట్టుకోవచ్చుగా అని అడుగుతారు. పట్టుకోవచ్చు, అయితే జూన్ 3న రెండు ఎంట్రీలున్నాయి. తేదీతో రాస్తే ముదివర్తి దగ్గరా లోడు దగ్గరా రెండింటికీ 105 అనే వస్తుంది, ఎందుకంటే రెండూ "జూన్ 3 లేదా అంతకుముందు" లోకే వస్తాయి. రోజు ముగిసే నిల్వ చాలనుకుంటే అది సరిపోతుంది. లోడు దిగకముందు 5 బస్తాలే ఉన్నాయన్న సంగతి మాత్రం కనబడదు. పంట మధ్యలో స్టాకు ఎంతదాకా అడుగంటిందో చూసుకునే కొట్టుకి ఆ 5 చాలా ముఖ్యం, తర్వాతి లోడు ఎప్పుడు పెట్టాలో దాన్నిబట్టే కదా చెప్పేది.

టేబుల్‌లో అయితే ఇలా రాయండి. కొత్త ఎంట్రీ చేర్చగానే ఫార్ములా దానంతట అదే వస్తుంది, కిందికి లాగే పని లేదు.

```
=SUMIFS([In],[No],"<="&[@No])-SUMIFS([Out],[No],"<="&[@No])
```

దీని అసలు బలం తర్వాత తెలుస్తుంది. రొయ్య పెరిగేకొద్దీ మేత నంబరు మారుతుంది. కొట్లో ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు బస్తాలు విడివిడిగా ఉంటాయి. మొత్తం 50 ఉన్నాయని తెలిస్తే సరిపోదు, మూడో నంబరు ఎన్ని ఉన్నాయో కావాలి. Item అని ఒక కాలమ్ చేర్చి, రెండు SUMIFSలలోనూ ఇంకో షరతు పెడితే ప్రతి రకానికీ దాని నిల్వ దానికి నడుస్తుంది, అంతా ఒకే షీట్‌లో.

```
=SUMIFS([In],[Item],[@Item],[No],"<="&[@No])-SUMIFS([Out],[Item],[@Item],[No],"<="&[@No])
```

రైతుల ఖాతాకీ ఇదే పద్ధతి. Item బదులు రైతు పేరు, In బదులు బాకీ, Out బదులు జమ. పట్టుబడి అయ్యాక ఎవరెవరికి ఎంత ఉందో చూడ్డానికి పేరు మీద ఎన్నిసార్లు సార్ట్ చేసినా అంకెలు కదలవు. పై నిల్వని పట్టుకునే ఫార్ములాలతో ఇది చేయాలంటే రైతుకో షీట్ పెట్టాలి.

దీనికీ తప్పే దారులున్నాయి

మొదటిది No కాలమ్‌లోనే ఉంటుంది. అక్కడ కొందరు `=ROW()-1` అని ఫార్ములా పెడతారు, నంబరు వేసే శ్రమ తప్పుతుందని. అప్పుడు సార్ట్ చేసిన ప్రతిసారీ నంబర్లు పైనుంచి 1, 2, 3 అని మళ్లీ పడతాయి. రామతీర్థం 1వ ఎంట్రీ అయిపోతుంది, నిల్వ -30 అవుతుంది. మనం తప్పించుకుందామనుకున్న తప్పే తిరిగొచ్చింది. No అనేది టైప్ చేసిన అంకె అయి ఉండాలి. ఇప్పటికే ఫార్ములా ఉంటే, తేదీ క్రమంలో ఉన్నప్పుడే ఆ కాలమ్‌ని కాపీ చేసి అక్కడే Paste Values చేసేయండి.

ఒకే నంబరు రెండు వరసలకి పడితే రెండింట్లోనూ రెండు ఎంట్రీలు కలిసిన నిల్వ వస్తుంది. పక్కపక్క వరసల్లో ఒకే నిల్వ కనబడిందంటే ముందు అనుమానించాల్సింది ఇదే. No కాలమ్‌కి Conditional Formattingలో Duplicate Values పెట్టుకుంటే వెంటనే రంగు మారి తెలిసిపోతుంది.

ఇంతకంటే దొంగదెబ్బ తీసేది అంకెలా కనబడే అక్షరం. వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్‌ని అలాగే కాపీ చేసి అతికిస్తే 20 అన్నది ఒక్కోసారి టెక్స్ట్‌గా పడుతుంది, లేదా "20 బస్తాలు" అని పడుతుంది. మామూలు ప్లస్ ఫార్ములా మొదటిదాన్ని అంకెగా మార్చుకుని కలుపుతుంది, రెండోదానికి `#VALUE!` అని అరుస్తుంది. SUM, SUMIFS రెండూ ఏమీ అనకుండా ఆ సెల్‌ని వదిలేస్తాయి. ఈ ఒక్క విషయంలో పాత ఫార్ములానే నయం, ఆ మాట దాచాల్సిన పనిలేదు. గుర్తుపట్టడానికి సులువు, మనం అలైన్‌మెంట్ మార్చి ఉండకపోతే అంకెలు సెల్‌లో కుడివైపుకి, అక్షరాలు ఎడమవైపుకి జరిగి ఉంటాయి. In, Out కాలమ్స్‌కి Data Validationలో Whole number పెట్టడం మంచిదే, కానీ అది టైప్ చేసినవాటినే ఆపుతుంది, పేస్ట్ చేసినవాటిని ఆపదు. అందుకని పక్కన రెండు సెల్స్‌లో ఈ రెండు లెక్కలు ఉంచుకోండి:

```
=COUNTA(D:E)-COUNT(D:E)
=SUM(D:D)-SUM(E:E)-INDEX(F:F,MATCH(MAX(A:A),A:A,0))
```

మొదటిది In, Out కాలమ్స్‌లో అంకె కానివి ఎన్నున్నాయో చెప్తుంది. రెండు హెడింగులు ఉంటాయి కాబట్టి 2 రావాలి, 3 వస్తే ఎక్కడో ఒక టెక్స్ట్ దూరింది. రెండోది మొత్తం వచ్చినవాటిలోంచి మొత్తం ఇచ్చినవి తీసి, ఆఖరి నంబరు పక్కనున్న నిల్వతో పోలుస్తుంది. 0 రావాలి. No కాలమ్‌లో ఏదైనా నంబరు ఖాళీగానో టెక్స్ట్‌గానో ఉండిపోతే ఆ వరస SUMIFSకి కనబడదు, ఇక్కడ తేడా బయటపడుతుంది. ఇది మొత్తానికి ఒకే నిల్వ నడిపే షీట్‌కి. Item షరతు పెట్టాక ఆఖరి వరసలో ఉండేది ఒక రకం నిల్వే కాబట్టి, అప్పుడు రకానికో చెక్ విడిగా వేసుకోవాలి.

వేగం గురించి ఒక మాట. SUMIFS ప్రతి వరసకీ No కాలమ్ మొత్తం చూస్తుంది. వెయ్యి, రెండువేల వరసల దాకా మామూలు కంప్యూటర్‌లో ఇబ్బంది తెలియదు. పదివేలు దాటితే ఎంటర్ కొట్టిన ప్రతిసారీ ఆగడం మొదలవుతుంది. పంటకో షీట్ పెట్టి, పాత నిల్వని కొత్త షీట్‌లో 1వ ఎంట్రీగా తెచ్చుకునే కొట్లకి ఆ బెడద రాదు.

వరస తీసేయడం గురించే ఇంకో మాట

గట్టి ఫార్ములా పెట్టాక ఒక కొత్త సమస్య వస్తుంది. పాతదానిలో వరస తీసేస్తే `#REF!` పడేది, ఎవరో ఏదో చేశారని తెలిసేది. SUMIFS పెట్టాక ఎవరు ఏ వరస తీసేసినా షీట్ నున్నగా సర్దుకుంటుంది. పొరపాటున లోడు వరసని తీసేసినా సరే, నిల్వ వంద తగ్గుతుందంతే, ఎర్రర్ ఉండదు, పైన చెప్పిన చెక్ కూడా 0 అనే చూపిస్తుంది. తీసేసిన సంగతి చెప్పేది No కాలమ్‌లో మిగిలిన ఖాళీ ఒక్కటే. 3 తర్వాత 5 ఉందంటే 4 ఏమైందని అడగొచ్చు. అందుకే తీసేశాక నంబర్లని మళ్లీ వరసగా సర్దకండి.

రద్దయిన బిల్లుని తీసేయకుండా ఉంచడం ఇంకా మంచిది. ముదివర్తి 20 బస్తాలు వెనక్కొస్తే, కింద కొత్త ఎంట్రీగా "ముదివర్తి రద్దు" అని In దగ్గర 20 వేయండి. బస్తాలు అసలు కొట్టు దాటకపోతే Out దగ్గర 0 వేసి, వివరంలో రద్దు అని రాయండి. రెండుసార్లు పడిన ఒకే ఎంట్రీ లాంటివి మాత్రమే తీసేయాలి.

ఉన్న షీట్‌ని మార్చుకోవడం

ముందు ఫైల్‌కి కాపీ తీసుకోండి. అందులో ఎంట్రీలని తేదీ క్రమంలోకి తెచ్చి, ఒకే రోజువి బిల్లు పుస్తకం చూసి పైకీ కిందికీ సర్దండి. No కాలమ్‌లో 1, 2 వేసి కిందికి లాగితే వట్టి అంకెలే పడతాయి. తర్వాత Ctrl+T, "My table has headers" టిక్ చేసి OK. Balance కాలమ్‌లో పాతవన్నీ చెరిపేసి మొదటి సెల్‌లో టేబుల్ ఫార్ములా పెట్టి ఎంటర్ కొడితే కాలమ్ మొత్తం నిండుతుంది. నిండకపోతే సెల్ కింద మూలన పట్టుకుని లాగండి. పాత ఫైల్‌లో తేదీ క్రమంలో ఉన్న నిల్వతో పోల్చి చూడండి. ఎక్కడ మొదటిసారి తేడా వచ్చిందో, ఆ వరస దగ్గరే ఎప్పుడో ఎవరో మధ్యలో దూర్చిన ఎంట్రీ దొరికే అవకాశం ఎక్కువ. దాన్ని బిల్లు పుస్తకంతోనూ, చివరి నిల్వని గోడౌన్‌లో బస్తాలతోనూ సరిచూసుకున్నాకే పాత ఫైల్ వాడటం ఆపండి.

గూగుల్ షీట్స్‌లో ఫోన్ నుంచే ఎంట్రీలు వేసేవాళ్లు A2 అడ్రసులతో ఉన్న మొదటి SUMIFS ఫార్ములానే వాడుకోవచ్చు, అక్షరం మార్చక్కర్లేదు. కొత్త వరసకి ఫార్ములా వచ్చిందో లేదో మాత్రం వేసిన ప్రతిసారీ చూసుకోవాలి. ఇక్కడ ఒక వరసలో నిల్వ ఖాళీగా ఉండిపోయినా కిందవాటి లెక్క చెడదు, ఎందుకంటే ఏ వరసా ఇంకో వరస నిల్వని అడగదు.